2.875 అనే గీత సిరంజి మీద ఉండదు

రాజోలు దగ్గరి ఊరి నుంచి ఒకమ్మాయి నాకో ప్రశ్న పంపింది. బిడ్డకు నెలన్నర, బరువు 4.6 కిలోలు. టీకా వేయించిన సాయంత్రం ఒళ్లు కాలింది. జ్వరం ఉంటే కిలోకు 15 మి.గ్రా. చొప్పున పారాసిటమాల్ పట్టమని పిల్లల డాక్టరు ముందే రాసిచ్చారు. అమ్మాయి ఫోన్‌లో లెక్క వేసింది. 4.6 ని 15 తో గుణిస్తే 69 మి.గ్రా. సిరప్ 5 మి.లీ.కి 120 మి.గ్రా., అంటే మి.లీ.కి 24. 69 ని 24 తో భాగిస్తే 2.875 మి.లీ. చేతిలో ఉన్న 5 మి.లీ. సిరంజి మీద 2.8 దగ్గర ఒక గీత, 3 దగ్గర ఒక గీత, మధ్యలో ఏమీ లేదు. "మూడు పోసెయ్, సగం కక్కేస్తాడు" అని వాళ్లమ్మ, "పసిగుడ్డు, రెండున్నర చాలు" అని అత్తగారు. "ఎవరి మాట వినమంటారు మాస్టారూ?" అని ప్రశ్న.

టీకా వేసిన రోజు జ్వరానికి దిష్టి తీసే ఇళ్లు మా వైపు ఇంకా చాలానే ఉన్నాయి. దిష్టి వల్ల డోసు మారదు కాబట్టి నాకు అభ్యంతరం లేదు. సగం కక్కుతాడని ముందే ఎక్కువ పోయడమే నాకు మింగుడు పడని సంగతి. వాడు కక్కకపోతే?

ఇక గీతల సంగతి. పాత కొలతలు గుర్తున్నవాళ్లకు ఇది అరక్షణంలో అర్థమవుతుంది. ధాన్యం కుంచంతో కొలిచేటప్పుడు ఒక గిద్ద అటూఇటూ అయితే ఎవరూ పట్టించుకోరు. అదే సోలలో గిద్ద తగ్గితే గొడవే, ఎందుకంటే నాలుగు గిద్దలే ఒక సోల, పావు వంతు పోయినట్టు. తగ్గింది రెండుచోట్లా అదే గిద్ద. మారిందల్లా అది దేనిలోంచి తగ్గిందన్నది. డోసును సవరించి దగ్గరి గీతకు తేవడంలో ఉన్న విషయమంతా ఈ గిద్దలోనే ఉంది. "0.1 మి.లీ. తేడా వస్తే పరవాలేదా?" అని నా విద్యార్థులు ఏటా అడిగేవారు. ఎంతలో 0.1 అని నేను ఎదురు అడిగేవాణ్ని. 5 మి.లీ.లో అది రెండు శాతం. 0.3 మి.లీ.లో మూడో వంతు.

దీన్ని కాగితం లేకుండా చూసుకునే దారి ఒకటుంది. మి.లీ.లు మర్చిపోయి గీతలు లెక్కపెట్టండి. దగ్గరి గీతకు సరిచేసినప్పుడు వచ్చే తప్పు ఎప్పుడూ అర గీత దాటదు. అరగీత దాటిందంటే అవతలి గీతే దగ్గరైనట్టు. కాబట్టి డోసు పది గీతల పొడవుంటే, ఎంత దురదృష్టం ఎదురైనా తప్పు పదింట్లో అర, అంటే 5 శాతం. అయిదు గీతలే ఉంటే 10 శాతం. ఇరవై గీతలుంటే రెండున్నర. సిరంజి ఎంత పెద్దది, మందు ఏది అనేవి ఈ లెక్కకు అక్కర్లేదు.

మామూలు మందులకు 5 నుంచి 10 శాతం లోపు సవరణను ఆసుపత్రులు, ఫార్మసిస్టులు సాధారణంగా ఒప్పుకుంటారు. అంటే పది గీతలుంటే నిశ్చింత, అయిదుకు తగ్గితే ఆ సిరంజి పక్కన పెట్టి చిన్నది తీసుకోవాలి.

మన బిడ్డ విషయానికి వద్దాం. ఆ 5 మి.లీ. సిరంజి మీద గీతకు గీతకు మధ్య 0.2 మి.లీ. 2.875 అంటే పద్నాలుగు గీతలు దాటి కాస్త. దగ్గరి గీత 2.8. అందులో ఉండే మందు 67.2 మి.గ్రా., కిలోకు 14.6. రెండున్నర శాతం తక్కువ. 3 దాకా లాగితే 72 మి.గ్రా., కిలోకు 15.65, నాలుగు శాతం పైన ఎక్కువ. ఇంకో సంగతి, పారాసిటమాల్ డోసు 15 దగ్గర గోడ కట్టినట్టుండదు. పుస్తకాలు కిలోకు 10 నుంచి 15 అని రాస్తాయి. అత్తగారు చెప్పిన రెండున్నర కిలోకు 13 అవుతుంది, కాబట్టి ఆవిడ మాట కూడా తప్పేమీ కాదు. కాకపోతే ఆ సిరంజి మీద రెండున్నరకు గీత లేదు. సీసాతో వచ్చే మూత మీద ఉంటుంది గానీ, మూత గోడలకు అంటుకుపోయే సిరప్ సంగతి ఉగ్గుగిన్నెతో పాలు పట్టిన ఎవరికైనా తెలుసు.

ఇప్పుడు సీసా మార్చి చూద్దాం. సిరప్ బదులు డ్రాప్స్ ఉన్నాయనుకోండి, మి.లీ.కి 100 మి.గ్రా. అదే 69 మి.గ్రా.కు 0.69 మి.లీ. చాలు. అదే సిరంజి మీద ఇది మూడున్నర గీతలు కూడా లేదు. 0.6 దగ్గర ఆపితే 13 శాతం తక్కువ, 0.8 కి వెళ్తే 16 శాతం ఎక్కువ. మందూ బిడ్డా సిరంజీ మారలేదు, చిక్కదనం మాత్రమే మారింది. సోలలోంచి గిద్ద తీస్తున్నాం. ఇక్కడ 1 మి.లీ. సిరంజి కావాలి. దాని మీద గీతకు గీతకు 0.01 మి.లీ. కాబట్టి 0.69 ని ఉన్నదున్నట్టు కొలవొచ్చు, సవరణ అవసరమే రాదు. చిక్కటి మందు తక్కువ పోస్తే చాలని, బిడ్డ సులువుగా మింగుతాడని చాలామంది డ్రాప్స్ ఇష్టపడతారు. ఆ సుఖానికి తగ్గ చిన్న సిరంజి ఉంటేనే.

సవరణ ఎప్పుడు చేయాలన్నది కూడా ముఖ్యమే. చివర్న, ఒక్కసారి. అమ్మాయి బరువును 5 కిలోలని, "ఎంత తేడాలే" అనుకుని ఉంటే డోసు 75 మి.గ్రా., అది 3.125 మి.లీ., దగ్గరి గీత 3.2, అంటే 76.8 మి.గ్రా. ఇవ్వాల్సిన 69 కంటే 11 శాతం ఎక్కువ. అడుగడుగునా చేసిన సవరణ చిన్నదే. రెండూ ఒకే వైపుకు పోవడంతో కలిసి పెద్దదైంది. పైగా ఇది చేయి వణికి వచ్చే తేడా లాంటిది కాదు. చేయి వణికితే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పడి నాలుగు డోసుల్లో సర్దుకుంటుంది. సవరణలో వచ్చిన తప్పు ప్రతి డోసులోనూ ఒకే వైపు పడుతుంది. జ్వరం మందుకు రెండు రోజులు కాబట్టి చెల్లుతుంది. నెలల తరబడి వాడే మందుకు అలా కుదరదు.

అందుకు నేను తరగతిలో ఎప్పుడూ చెప్పే ఉదాహరణ మూర్ఛకు వాడే ఫెనిటాయిన్. మిగతా వ్యాసమంతా తేలిగ్గా ఉన్నా ఈ ఒక్క చోటా కాస్త ఓపిక పట్టాలి. మామూలు మందుల్లో డోసు 10 శాతం పెరిగితే రక్తంలో మందు కూడా 10 శాతమే పెరుగుతుంది. ఫెనిటాయిన్‌ను కాలేయం తొలగించే వేగానికి ఒక గరిష్ఠ హద్దుంది. పెద్దవాళ్లకు పాఠాల్లో వాడే సగటు అంకెలతో చూస్తే ఆ హద్దు రోజుకు కిలోకు 7 మి.గ్రా., రక్తంలో లీటరుకు 4 మి.గ్రా. ఉన్నప్పుడు అందులో సగం వేగం. సూత్రం ఇది: రక్తంలో మట్టం = 4 × డోసు ÷ (7 − డోసు). డోసు కిలోకు 5 అయితే మట్టం 10. డోసు 5.5 కి పెరిగితే, అంటే కేవలం 10 శాతం, మట్టం 14.7. డోసు 6 అయితే 24. ఈ మందుకు మామూలుగా కోరుకునే మట్టం 10 నుంచి 20 మధ్య. అది దాటితే కళ్లు అదురుతాయి, నడక తూలుతుంది, మాట తడబడుతుంది.

కోనసీమలో పొలాల నీరు దించే మురుగు కాలువను ఎరిగినవాళ్లకు ఈ భాగహారం అక్కర్లేదు. కాలువ సగం పారుతున్నప్పుడు ఒక వాన ఎక్కువ కురిసినా నీరు దిగిపోతుంది. గట్టు అంచు దాకా పారుతున్నప్పుడు అదే వాన పడితే చేలు మునుగుతాయి. వాన ఒకటే, కాలువలో మిగిలిన జాగా వేరు. పై సూత్రంలో 7 లోంచి డోసు తీసేయగా మిగిలేదే ఆ జాగా.

అందుకే ముక్కు గొట్టం గుండా ఫెనిటాయిన్ పోయాల్సిన 60 కిలోల మనిషికి రోజుకు 300 మి.గ్రా. రాసి ఉంటే, 330 అయినా 10 శాతమేగా అనడానికి లేదు. అలాంటి మందులకు సవరణ డాక్టరు, ఫార్మసిస్టు కలిసి తేల్చాలి, తర్వాత రక్త పరీక్షతో చూసుకోవాలి. గుండెకు పసిపిల్లలకు ఇచ్చే డిజాక్సిన్ కూడా ఈ జాబితాలోదే, కారణం వేరైనా. మేలు చేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య దానికి దూరం తక్కువ. ఇంకొక్క మాట. ఫెనిటాయిన్ సీసా కదపకుండా పోస్తే మందు అడుగున పేరుకుని పైన పలచగా, చివర్న చిక్కగా వస్తుంది. గీతల విషయంలో ఎంత జాగ్రత్త పడినా అక్కడ వృథా.

సిరంజి చదవడంలోనూ ఒక చిక్కుంది. పిస్టన్ కొసన ఉన్న రబ్బరుకు రెండు అంచులుంటాయి. ముక్కు వైపున్న అంచు గీతకు తగలాలి. కొన్నింటి రబ్బరు కొస మొనదేలి ఉంటుంది, ఆ మొనను చూడకూడదు, సిరంజి గోడను తాకే వలయాన్నే చూడాలి. గాలి బుడగ ఉంటే అది మందు స్థలాన్ని తినేసినట్టే. పట్టిన తర్వాత ముక్కులో మిగిలే చుక్క లెక్కలోది కాదు, దాన్ని నీళ్లతో కడిగి బిడ్డకు పోస్తే రాసినదానికంటే ఎక్కువ పోయినట్టు. 3 మి.లీ.లో అదెంతో కాదు గానీ 0.69 లో తెలుస్తుంది.

ఇదంతా రాసే ముందు ఆ రాత్రే అమ్మాయికి 2.8 అని జవాబు పెట్టబోయి ఆగాను. సీసా ఫొటో పంపమన్నాను. లేబుల్ మీద 5 మి.లీ.కి 250 మి.గ్రా. అని ఉంది. డాక్టరు రాసింది 120 ది, దుకాణంలో ఇచ్చింది 250 ది. 2.8 పోసి ఉంటే 140 మి.గ్రా., కావలసినదానికి రెట్టింపు. ఆ సీసాకు లెక్క వేరు: మి.లీ.కి 50, కాబట్టి 69 కి 1.38 మి.లీ. దగ్గరి గీత 1.4, అంటే 70 మి.గ్రా. ఏడు గీతల డోసు, తేడా ఒకటిన్నర శాతం లోపే. పసిబిడ్డ కదా, సీసా మారిందని డాక్టరుకు ఫోన్ చేసి ఈ అంకె చెప్పి, సరే అన్నాకే పట్టమన్నాను.

"70 అంటే 15 దాటింది కదండీ?" అని అడిగింది. ఒక్క మి.గ్రా. దాటింది. ఈ మందుకు అది సోలలో గిద్ద కాదు, కుంచంలో నాలుగు గింజలు. ఆరు గంటలు గడవకుండా మళ్లీ పట్టొద్దని, తెల్లారేసరికి జ్వరం తగ్గకపోయినా, బిడ్డ పాలు తాగకపోయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని చెప్పాను. డాక్టరు సరే అన్నారట. కాసేపటికి సిరంజి ఫొటో వచ్చింది. రబ్బరు అవతలి అంచు 1.4 మీద ఉంది. "తిప్పి చూడమ్మా, ముక్కు వైపు అంచు" అని రాశాను. రెండో ఫొటోలో సరిగ్గా ఉంది.