తలకిందులుగా నిలబడిన లోలకం, 1/n పక్కన ఉండే అంకె

ఒక మీటరు పొడవున్న గట్టి కడ్డీ తీసుకుని, కింది చివర బరువు బిగించి, పై చివర మేకుకు తగిలించామనుకోండి. కొద్దిగా పక్కకు జరిపి వదిలితే అటు వెళ్ళి ఇటు రావడానికి దాదాపు రెండు సెకన్లు పడుతుంది. కోణం చిన్నదైనంతవరకు ఈ కాలం మారదని బడిలో చదువుకున్నాం. కోణం పెద్దదైతే మాత్రం కాలం పెరుగుతుంది. 90 డిగ్రీల నుంచి వదిలితే 18 శాతం ఎక్కువవుతుంది. 179 డిగ్రీలు, అంటే దాదాపు తలకిందులుగా నిలబెట్టి వదిలితే, మామూలు కాలానికి 3.9 రెట్లవుతుంది.

సరిగ్గా 180 డిగ్రీల దగ్గర ఏమవుతుంది? బరువు నిట్టనిలువుగా పైన నిలబడి ఉంటుంది. ఎటు పడాలో దానికి చెప్పే బలం ఏదీ ఉండదు, కాబట్టి ఊపు ఎప్పటికీ పూర్తి కాదు. ఇది భౌతికశాస్త్రం చెప్పే మాట. ఇదే మాట లెక్కలోనూ కనిపించాలి. ఎక్కడ కనిపిస్తుందో వెతికితే చాలా అందమైన చోటికి చేరుకుంటాం.

లోలకం కాలాన్ని ఇలా అనంత శ్రేణిగా రాస్తారు:

```
T/T₀ = 1 + (1/2)² k² + (1·3/2·4)² k⁴ + (1·3·5/2·4·6)² k⁶ + …
```

T₀ అంటే చిన్న ఊపుకు పట్టే కాలం. k అంటే వదిలిన కోణంలో సగానికి సైన్ విలువ. 180 డిగ్రీల దగ్గర k = 1. అప్పుడు పదాలు 1, 1/4, 9/64, 25/256... ఇలా తగ్గుతూ పోతాయి. వీటిని కూడుతూ పోతే ఎక్కడైనా ఆగుతుందా, ఆగదా అన్నదే ప్రశ్న.

డిగ్రీ విద్యార్థికి ముందుగా గుర్తొచ్చేది నిష్పత్తి పరీక్ష: ఒక పదాన్ని దాని ముందు పదంతో భాగించి, ఆ విలువ ఎటు పోతోందో చూడాలి. ఇక్కడ అది k² వైపు పోతుంది. k ఒకటి కంటే తక్కువైతే శ్రేణి అభిసరిస్తుంది, పని అయిపోయింది. కానీ మనకు కావలసిన k = 1 దగ్గర నిష్పత్తి కూడా 1 అవుతుంది, పరీక్ష నోరు మూసుకుంటుంది. అసలు ప్రశ్న ఎక్కడుందో సరిగ్గా అక్కడే.

అవధి ఒక్కటే చూసి వదిలేయకుండా, నిష్పత్తి ఆ 1 దగ్గరికి ఎంత వేగంగా చేరుతోందో చూడాలి. మొదటి 1 ని సున్నా వ పదంగా లెక్కిస్తూ, n వ పదాన్ని a(n) అందాం. ఈసారి నిష్పత్తిని తిరగేసి, n వ పదాన్ని తర్వాతి దానితో భాగిస్తే (n+1)²/(n+1/2)² వస్తుంది. దాన్ని 1/n ఘాతాలుగా విస్తరిస్తే:

```
a(n)/a(n+1) = (n² + 2n + 1)/(n² + n + 1/4) = 1 + 1/n − 1/(4n²) + …
```

ఇందులో 1/n పక్కనున్న గుణకాన్ని h అందాం. ఇక్కడ h = 1. దాని అర్థం తెలియాలంటే మనకు బాగా తెలిసిన 1/nᵖ పదాల శ్రేణిని పక్కన పెట్టుకోవాలి. దాని నిష్పత్తి (1+1/n)ᵖ, విస్తరిస్తే 1 + p/n + … అంటే మన శ్రేణిలో h చేసే పని అక్కడ p చేసే పనే. p ఒకటి కంటే ఎక్కువైతే అభిసరణ, ఒకటి లేదా తక్కువైతే అపసరణ.

మన h సరిగ్గా సరిహద్దు మీద పడింది. గణితజ్ఞుడు రాబే 1832లో ఇచ్చిన పరీక్ష n(a(n)/a(n+1) − 1) అవధిని చూస్తుంది. ఆ అవధి 1 అయితే అదీ తీర్పు చెప్పదు. ఇక్కడ అవధి 1. రెండో పరీక్ష కూడా మౌనమే.

తర్వాతి అడుగును కాగితం మీద చేసి చూడమని అడుగుతాను, ఎందుకంటే కిటుకంతా ఇందులోనే ఉంది. ప్రతి పదాన్నీ దాని n తో గుణించండి. 1/4 ను 1 తో, 9/64 ను 2 తో, 25/256 ను 3 తో గుణిస్తే 0.25, 0.281, 0.293 వస్తాయి. ఈ కొత్త అంకెల నిష్పత్తి n(n+1)/(n+1/2)². హారం n²+n+1/4, లవం n²+n. లవం ఎప్పుడూ పావు తక్కువే. అంటే నిష్పత్తి ఎప్పుడూ ఒకటి కంటే తక్కువ, n·a(n) పెరుగుతూనే పోతుంది. మొదటిదే 1/4 కాబట్టి ప్రతి పదమూ 1/(4n) కంటే తగ్గదు. 1 + 1/2 + 1/3 + … అనే హరాత్మక శ్రేణి అనంతానికి పోతుందని తెలుసు. దానిలో నాలుగో వంతు కూడా అనంతమే. లోలకం తిరిగి రాదు.

ఆ పెరుగుదల కూడా హద్దు మీరదు. ఒక్కో అడుగులో తేడా 1/n² స్థాయిది, 1/n² లన్నీ కలిపినా పరిమితమే. అందుకే n·a(n) ఒక స్థిర విలువ దగ్గర, 1/π దగ్గర, అంటే 0.318 దగ్గర కుదురుకుంటుంది. సరిహద్దు దగ్గర తీర్పు చెప్పే శక్తి ఈ కుదురుకోవడంలోనే ఉంది. 1/n తర్వాత మిగిలింది 1/n² అంత చిన్నదైతే, పదాలు చివరికి ఒక స్థిరాంకాన్ని nʰ తో భాగించినట్టే ప్రవర్తిస్తాయి. అప్పుడు h = 1 అంటే సందేహం లేకుండా అపసరణ.

ఈ సంగతి గాస్ 1812లోనే, రాబే కంటే ఇరవై ఏళ్ళ ముందే, హైపర్‌జామెట్రిక్ శ్రేణుల మీద రాసిన పరిశోధనలో చెప్పాడు. వరుస పదాల నిష్పత్తి రెండు బహుపదుల భాగహారంగా వచ్చే శ్రేణులివి. పైనా కిందా ఒకే ఘాతం, మొదటి గుణకం రెండింటిలోనూ 1 అయితే, h కోసం విస్తరణ కూడా అక్కర్లేదు. రెండో గుణకాల్లో పై దానిలోంచి కింది దాన్ని తీసివేస్తే చాలు. పైన మనకు 2 లోంచి 1 పోతే 1. ఒక జాగ్రత్త: కొన్ని పుస్తకాల్లో నిష్పత్తిని తిరగేసి, తర్వాతి పదాన్ని ముందు పదంతో భాగిస్తారు. అప్పుడు h గుర్తు మారి −h కనిపిస్తుంది. లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే.

కంప్యూటర్‌తో కూడి చూసి తేల్చేద్దామంటే కుదరదు. వెయ్యి పదాలు కూడితే 3.27 దగ్గరుంటాం, పది లక్షలు కూడితే 5.46. పదాల సంఖ్య పదింతలైనప్పుడల్లా మొత్తం 0.73 మాత్రమే పెరుగుతుంది. మొత్తం 10 దాటాలంటే దాదాపు ఒకటిన్నర లక్షల కోట్ల పదాలు కావాలి. తెర మీద అంకె ఆగిపోయినట్టే కనిపిస్తుంది.

లోలకానికి దగ్గరి చుట్టం ఒకటుంది. పొడవాటి వ్యాసంలో సగం ఒక మీటరు ఉన్న దీర్ఘవృత్తం చుట్టుకొలత, e దాని ఉత్కేంద్రత అయితే, మీటర్లలో ఇది:

```
2π (1 − (1/4) e² − (3/64) e⁴ − (5/256) e⁶ − …)
```

ఇక్కడ e = 1 అంటే దీర్ఘవృత్తం పూర్తిగా అణిగి గీత అయిపోవడం. నిష్పత్తి (n²+2n+1)/(n²−1/4). కింద n పదమే లేదు, కాబట్టి h = 2 − 0 = 2. అభిసరిస్తుంది. అభిసరించాలి కూడా: రెండు మీటర్ల గీత వెంట వెళ్ళి తిరిగొస్తే నాలుగు మీటర్లు. బ్రాకెట్‌లోని మొత్తం సరిగ్గా 2/π కి చేరుతుంది, 2π తో గుణిస్తే 4.

ఈ పరీక్షకు ఉన్న హద్దు కూడా చూడాలి. 1/(n (ln n)²) పదాల శ్రేణి తీసుకోండి. దాని నిష్పత్తి 1 + 1/n + 2/(n ln n) + … ఇక్కడా h = 1 లాగే కనిపిస్తుంది, కానీ ఈ శ్రేణి అభిసరిస్తుంది. కారణం మూడో పదం. అది 1/n² కంటే చాలా పెద్దది, అలాంటివన్నీ కలిపితే పరిమితంగా ఉండదు, n·a(n) స్థిరపడకుండా సున్నాకు జారిపోతుంది. రెండు బహుపదుల భాగహారాన్ని ఎంత విస్తరించినా 1/n, 1/n², 1/n³ తప్ప లాగరిథమ్ రాదు. అందుకే లోలకం విషయంలో h = 1 చూడగానే తీర్పు చెప్పగలిగాం, ఈ శ్రేణి విషయంలో చెప్పలేం.