ఎనిమిదో నెలలో కాలు గుంజితే

"పిర్ర కాడ మొదలై తొడ వెనక దాకా గుంజుతుంది మేడం, నరం పట్టేసిందేమో." హన్మకొండలో ఫిజియోథెరపీకి వచ్చే గర్భిణుల నోట నేను ఎక్కువగా వినే మాట ఇదే. మొన్న వచ్చిన టీచరమ్మకు 33వ వారం. బడిలో రోజంతా నిలబడే ఉద్యోగం. రాత్రి పక్కకు తిరగాలంటేనే భయపడుతోంది. బిడ్డ బరువు నరం మీద పడుతోందని ఇంట్లో అందరూ తేల్చేశారు.

నిజానికి నడుము దగ్గర నరం నొక్కుకుని కాలికి పాకే నొప్పి, అంటే అసలు సయాటికా, గర్భంలో అంత తరచుగా రాదు. అది వస్తే నొప్పి మోకాలు దాటి పిక్కకు, పాదానికి పాకుతుంది. తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండటం, దగ్గితే జివ్వుమనడం కూడా ఉంటాయి. ఈమెకు అవేవీ లేవు. ఎక్కడ నొప్పి అంటే, నడుము కింద పక్కగా ఉండే చిన్న గుంట మీద వేలు పెట్టి చూపించింది. మెట్లెక్కినా, ఒంటికాలి మీద నిలబడి చుడీదార్ ప్యాంటు వేసుకున్నా అక్కడే పొడుస్తుందట. వెన్నెముక అడుగుభాగం కటి ఎముకతో కలిసే కీలు అది. గర్భంలో హార్మోన్ల వల్ల ఆ కీళ్లను పట్టి ఉంచే బంధనాలు వదులవుతాయి. పొట్ట ముందుకు పెరిగేకొద్దీ వాటి మీద భారం పెరుగుతుంది.

ఒక చిన్న పరీక్ష చేశాను. కాసేపు వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలును జానెడు ఎత్తు లేపమన్నాను. బండరాయి లేపినట్టుంది అంది. తర్వాత రెండు తుంటి పక్కలనూ నా చేతులతో లోపలికి నొక్కి పట్టుకుని మళ్లీ లేపమంటే, "అరే, తేలికైంది" అని నవ్వింది. ఇట్లా తేలికైనవాళ్లకు కటి బెల్ట్ పనికొచ్చే అవకాశం ఎక్కువ. పొట్ట మీద కాదు, పొట్ట కింద, తుంటి ఎముకల చుట్టూ కట్టాలి. నడిచేటప్పుడు, నిలబడేటప్పుడు మాత్రమే, పడుకునేటప్పుడు తీసేయాలి.

పక్కకు పడుకుని మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోమన్నాను, అది మడమల దాకా ఉండాలి. తిరిగేటప్పుడు రెండు మోకాళ్లూ అతికించినట్టు ఉంచి, ఒళ్లంతా ఒకేసారి దొర్లాలి. ప్యాంటు మంచం మీద కూర్చునే వేసుకోవాలి. చూడటానికి చిన్న పనులే, కానీ ఆమెకు రాత్రి నిద్ర పట్టింది వీటితోనే. నొప్పి పూర్తిగా పోలేదు, కాన్పయ్యాకే పోవచ్చు.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ మాత్రలు మాత్రం ఈ నెలల్లో వద్దు. వాటివల్ల ఉమ్మనీరు తగ్గొచ్చు, బిడ్డ గుండె దగ్గర పుట్టాక మూసుకోవాల్సిన రక్తనాళం ముందే మూసుకోవచ్చు. మాత్ర తప్పదనుకుంటే పారాసెటమాల్, అదీ డాక్టర్ చెప్పినంతే.

పాదం పైకి లేవకపోయినా, మూత్రం రాకుండా బిగుసుకున్నా, తొడల మధ్య, మలద్వారం చుట్టూ మొద్దుబారినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఒక్క పిక్కే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే అది నరం సంగతి కాదు, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని మర్దన చేయకూడదు, వెంటనే చూపించుకోవాలి.