ఖజానా గుమస్తాను మెచ్చుకుంటూ ఉత్తరం రాసేటప్పుడు: అపోహలు - వాస్తవాలు

"ఆయప్ప రూల్సన్నీ పక్కన పెట్టి మా పని చేసిపెట్టినాడు సార్." ఆగిపోయిన పింఛను మళ్లీ ఖాతాలో పడగానే మన తిరుపతి, చిత్తూరు పెద్దలు ఆఫీసరుకు రాసే ఉత్తరాల్లో ఈ మాట పదే పదే కనిపిస్తుంది. రాసేవాళ్ల మనసు మంచిదే. నష్టపోయేది మాత్రం ఆ గుమస్తా.

అపోహ: రూల్సు చూడకుండా సాయం చేశారని రాస్తే అది పెద్ద మెప్పు.

ఆఫీసు కాగితం మీద అది ఫిర్యాదు కిందికి వస్తుంది. మీ ఉత్తరానికి టపాలో ఇన్‌వర్డ్ నంబరు పడుతుంది, ఫైల్లో చేరుతుంది, రేపు ఆడిట్ వాళ్ల కంటపడుతుంది. ఏ రూలు సడలించావని ఆఫీసరు ఆ ఉద్యోగిని అడగక తప్పదు. "ఒక కాగితం లేకున్నా సర్దుకున్నారు", "ఫైలు ఇంటికి తెచ్చి సంతకం పెట్టించుకున్నారు" అన్న మాటలూ అలాంటివే. నిజానికి చాలా సందర్భాల్లో ఆ గుమస్తా ఏ రూలూ తప్పి ఉండరు. రూలు పూర్తిగా తెలిసి, దాన్ని ఓపిగ్గా చివరిదాకా నడిపి ఉంటారు. ఉత్తరంలో చెప్పాల్సింది అదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రభుత్వ హైస్కూలు రిటైర్డ్ టీచరు చనిపోయారు. పింఛను చెల్లింపు ఉత్తర్వులో, అంటే పీపీఓలో, భార్య పేరు లక్ష్మమ్మ. ఆధార్‌లో, బ్యాంకు పాసుబుక్‌లో లక్ష్మీదేవి. కుటుంబ పింఛను అక్కడే ఆగింది. పీపీఓలో పేరును ఖజానా ఆఫీసు తన కలంతో దిద్దకూడదు. ఆయన రిటైరైన శాఖ నుంచి ప్రతిపాదన వెళ్లాలి, పీపీఓ ఇచ్చిన అకౌంటెంట్ జనరల్ ఆఫీసు, అంటే ఏజీ ఆఫీసు, సవరణ పంపాలి. "పేరు తేడా ఉందమ్మా" అని ఒక్క మాటతో తిప్పి పంపినా గుమస్తాను ఎవరూ తప్పు పట్టరు. ఈ గుమస్తా అలా వదల్లేదు. మరణ ధ్రువపత్రం, రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్, ఆధార్, పాసుబుక్ నకళ్లు, ఏ ఆఫీసు నుంచి ఏ లేఖ రావాలో అన్నీ ఒకేసారి చీటీ మీద రాసిచ్చారు. ఆయన పోయిన తర్వాతి రోజులకు పడిన పింఛనును బకాయిల్లో సర్దుతారని ముందే చెప్పారు. ఆ మాట చెప్పకపోతే, డబ్బు తగ్గిందేమని ఆమె మళ్లీ హడలిపోయేవారు.

ఉత్తరం ఇలా ఉంటే చాలు:

*విషయం: కుటుంబ పింఛను ఫైలు పరిష్కారంలో సీనియర్ అకౌంటెంట్ గారి సేవకు కృతజ్ఞత.*
*సూచిక: పీపీఓ నంబరు …, మా దరఖాస్తు తేదీ …*
*అయ్యా, పీపీఓలో నా పేరు తేడాగా ఉన్నందున కుటుంబ పింఛను ఆగింది. మీ ఆఫీసు సీనియర్ అకౌంటెంట్ శ్రీ … గారు కావలసిన కాగితాలన్నీ మొదటిసారే రాసిచ్చారు. ఏజీ ఆఫీసు సవరణ వచ్చేదాకా ఫైలు ఎక్కడుందో అడిగిన ప్రతిసారీ విసుగు లేకుండా చెప్పారు. సవరణ … తేదీన వచ్చింది. బకాయిలతో సహా పింఛను … తేదీన నా ఖాతాలో జమైంది. నియమాల ప్రకారం, ఓపికతో చేసిన ఈ పనిని మీ దృష్టికి తెస్తున్నాను.*

తేదీలు ముఖ్యం. "దేవుడిలాంటి మనిషి" అని రెండు పేజీలు నింపినా ఆఫీసరు ఫైలుతో సరిచూసుకోవడానికి ఏమీ దొరకదు. పీపీఓ నంబరు వేయండి. ఆధార్ నంబరు, ఖాతా నంబరు వద్దు, ఆ కాగితం ఎన్నో చేతులు మారుతుంది. పాత గుమస్తా మీద కోపం ఉంటే దానికి వేరే అర్జీ పెట్టండి. రెండూ కలిపితే ఆఫీసులో ఫిర్యాదునే పట్టించుకుంటారు, మెచ్చుకోలు పక్కకు పోతుంది.

అపోహ: ఉత్తరం కన్నా శాలువా, స్వీటు డబ్బా, కవరు మేలు.

వద్దు. కానుకలు, సన్మానాలు ప్రవర్తనా నియమావళి కిందికి వస్తాయి, అతనికే చిక్కు.

అపోహ: ఒకరిని మెచ్చుకుంటే మిగతావాళ్లు పగబట్టి పింఛను ఆపేస్తారు.

ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకు ఈ భయం ఎక్కువ. అందులో అర్థముంది, కానీ ఆధారం లేదు. మంజూరైన పింఛనును ఇష్టం వచ్చినట్టు ఆపే అధికారం ఏ గుమస్తాకూ లేదు. ఆగిందంటే ఎక్కువగా జీవన ధ్రువపత్రం ఇవ్వకపోవడం వల్లే ఆగుతుంది.

అపోహ: కలెక్టరుకే నేరుగా ఇవ్వాలి.

సోమవారం కలెక్టరేట్‌లో ఉండేది సమస్యల వేదిక. మెచ్చుకోలు అక్కడ ఇస్తే అర్జీల కట్టలో కలుస్తుంది. ఉప ఖజానా అధికారికి ఉత్తరం, జిల్లా ఖజానా అధికారికి నకలు చాలు. టపా సెక్షన్లో ఇచ్చి, మీ రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. మీ ఉత్తరం దానంతటదే సర్వీసు రిజిస్టరులోకి ఎక్కదు, అందుకు ఆఫీసరు ఉత్తర్వు కావాలి. ఆగస్టు 15న, జనవరి 26న జిల్లాలో ఇచ్చే ప్రశంసాపత్రాలకు శాఖలు ముందుగానే పేర్లు పంపుతాయి. కాబట్టి పని పూర్తయిన వారంలోనే ఉత్తరం ఇచ్చేయండి.