జర్మనీలో అద్దె ఇల్లు: కౌత్సియోన్, నేబెన్‌కోస్టెన్ గురించి ఓనర్‌కి రాసే మెయిల్ - అపోహలు, వాస్తవాలు

జర్మనీకి చదువుకో ఉద్యోగానికో వచ్చే మనవాళ్ల అద్దె ఒప్పందాలు చదివి వివరించడం నా పని. దాదాపు అందరూ ఆగిపోయేది ఈ రెండు మాటల దగ్గరే. కౌత్సియోన్ అంటే అడ్వాన్స్ డిపాజిట్. నేబెన్‌కోస్టెన్ అంటే అద్దెతో పాటు కట్టే నీళ్లు, చెత్త, హీటింగ్ లాంటి ఖర్చులు. అర్థాలు సులువే, టెన్షన్ అంతా లెక్కల దగ్గర వస్తుంది.

అపోహ: సంతకానికి ముందు ప్రశ్నలడిగితే ఇల్లు చేజారిపోతుంది.

అడిగే తీరును బట్టి ఉంటుంది. బేరమాడితే ఓనర్ ఇంకొకరిని చూసుకోవచ్చు. ఒప్పందంలోని మాట వివరించమంటే సాధారణంగా ఎవరూ తప్పుపట్టరు. అందుకే చట్టం ఎలాగూ కాపాడే విషయాల మీద మెయిల్‌లో వాదన పెట్టుకోవద్దని, ఒప్పందంలోని మాటను బట్టి మారే విషయాలు మాత్రం తప్పక అడగమని చెబుతాను.

అపోహ: కౌత్సియోన్ అంటే మూడు నెలల మొత్తం అద్దె, తాళాలకు ముందే ఒకేసారి కట్టాలి.

ఒక విద్యార్థిని ఒప్పందం చూద్దాం. అసలు అద్దె, అంటే కాల్ట్‌మీటె, 480 యూరోలు. నేబెన్‌కోస్టెన్ 130. రెండూ కలిపి వార్మ్‌మీటె 610. డిపాజిట్ 1,830 అని రాశారు. అది 610కి మూడు రెట్లు. జర్మన్ సివిల్ కోడ్, అంటే బీజీబీ, 551వ సెక్షన్ ప్రకారం గరిష్ఠం కాల్ట్‌మీటెకు మూడు రెట్లే, అంటే 1,440. పైన ఉన్న 390 యూరోలు చెల్లవు, సంతకం చేసినా చెల్లవు. ఆ 1,440నైనా నెలకు 480 చొప్పున మూడు వాయిదాల్లో కట్టే హక్కు ఉంది. మొదటి వాయిదా అద్దె మొదలైనప్పుడు, మిగతా రెండూ తర్వాతి రెండు నెలల అద్దెలతో పాటు. ఇల్లు చూపించకుండా ముందే డబ్బు పంపమంటే మోసమని అనుమానించండి.

హైదరాబాద్‌లో చివరి నెలల అద్దెను అడ్వాన్స్‌లో సర్దేసుకునే అలవాటు చాలామందికి ఉంది. ఇక్కడ అది కుదరదు, చివరి నెల దాకా అద్దె కట్టాల్సిందే. ఖాళీ చేశాక డిపాజిట్ వెనక్కివ్వడానికి చట్టంలో ఫలానా తేదీ అని లేదు. నేబెన్‌కోస్టెన్ లెక్క ఇంకా తేలకపోతే దానికి సరిపడా కొంత మొత్తం ఓనర్ ఆపుకోవచ్చు. ఇండియాకి తిరిగి వెళ్లేవాళ్లు జర్మన్ బ్యాంక్ ఖాతాను వెంటనే మూసేయకుండా ఉంటే మంచిది.

అపోహ: నేబెన్‌కోస్టెన్ మన అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లాంటిదే, నెలనెలా కట్టేస్తే అయిపోయినట్టే.

అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. ఆ 130 పక్కన ఏ మాట ఉందో చూడండి. ఫోరవుస్‌త్సాలుంగ్ అని ఉంటే అది ముందస్తు చెల్లింపు మాత్రమే. ఏడాదికోసారి అసలు ఖర్చు లెక్క వస్తుంది. ఏడాదికి 1,560 కట్టారు, మీ వాటా ఖర్చు 1,790 తేలింది అనుకోండి, ఇంకో 230 కట్టాలి. తక్కువ తేలితే వెనక్కి వస్తాయి. పౌషాలె అని ఉంటే మొత్తం ఖరారు, ఏడాది చివర లెక్క ఉండదు.

కొందరు ఓనర్లు ఇల్లు చవకగా కనిపించాలని ముందస్తు మొత్తం తక్కువగా రాస్తారు. అందుకే పోయినసారి లెక్క ఎంత తేలిందని అడగడం ఈ మెయిల్ మొత్తంలో అత్యంత విలువైన ప్రశ్న. 2024 క్యాలెండర్ ఏడాది లెక్క 2025 డిసెంబర్ 31లోగా మీ చేతికి అందాలి. ఓనర్ తన నిర్లక్ష్యంతో ఆలస్యం చేస్తే అదనపు డబ్బు అడగలేరు. రిపేర్ల ఖర్చు, బిల్డింగ్ నిర్వహణ ఫీజు ఇందులో కలపకూడదు. ఇంట్లో వాడే కరెంటు, ఇంటర్నెట్ చాలావరకు వేరుగా మనమే తీసుకోవాలి.

మెయిల్ జర్మన్‌లో రాయించుకోండి, లేదా సులువైన ఇంగ్లిష్‌లో రాయండి. ‘సర్’ అనో మొదటి పేరుతోనో కాకుండా మగవారైతే హెర్, ఆడవారైతే ఫ్రౌ అని రాసి, తర్వాత ఇంటిపేరు రాయాలి. సారాంశం ఇలా ఉంటే చాలు:

“ఒప్పందం పంపినందుకు ధన్యవాదాలు. సంతకం చేసే ముందు నాలుగు విషయాలు తెలుసుకోవాలనుకుంటున్నాను. 1,830 యూరోల డిపాజిట్‌ను ఏ అద్దె మీద లెక్కించారు? దాన్ని మూడు వాయిదాల్లో కట్టాలనుకుంటున్నాను, ఏ ఖాతాకు పంపాలి? 130 యూరోల నేబెన్‌కోస్టెన్ ముందస్తు చెల్లింపా, ఖరారు మొత్తమా? హీటింగ్, వేడినీళ్లు అందులో ఉన్నాయా, ఈ ఇంటికి పోయిన ఏడాది లెక్క ఎంత తేలింది?”

మొదటి ప్రశ్నతోనే చాలామంది ఓనర్లు అంకె సరిచేసి పంపుతారు, సెక్షన్ నంబర్ ఎత్తాల్సిన పని రాదు. జవాబు ఫోన్‌లో చెబితే, విన్నది అదే రోజు రెండు వాక్యాల్లో మెయిల్ చేసి, అలాగే అర్థం చేసుకోవచ్చా అని అడగండి.