జి1, జి7: ఒకే బుల్లెట్‌కు రెండు బాలిస్టిక్ కోఎఫిషియెంట్లు ఎందుకు?

సుదూర లక్ష్యాల షూటింగ్‌లో బాగా పేరున్న .308 క్యాలిబర్, 175 గ్రెయిన్ల సియెరా మ్యాచ్‌కింగ్ బుల్లెట్ వివరాలు వెతికితే దాని బాలిస్టిక్ కోఎఫిషియెంట్ ఒకచోట 0.505 అనీ, మరొకచోట 0.243 అనీ కనిపిస్తుంది. ఈ రెండు అంకెల్లో ఏదీ అచ్చుతప్పు కాదు. మొదటిది జి1 అనే ప్రామాణిక నమూనాతో పోల్చి చెప్పినది, రెండోది జి7తో పోల్చి చెప్పినది. ఏ నమూనాతో పోల్చారో చెప్పకుండా ఇచ్చిన కోఎఫిషియెంట్‌కు అర్థం లేదు. పోలికకు రెండు నమూనాలు ఎందుకు అవసరమయ్యాయో తెలియాలంటే పందొమ్మిదో శతాబ్దపు ఫిరంగుల దాకా వెనక్కి వెళ్లాలి.

ముందుగా, ఈ కోఎఫిషియెంట్ ఏమిటో చూద్దాం. గాలిలో దూసుకుపోయే వస్తువును గాలి వెనక్కి లాగే బలం దాని వేగంతో పాటు మారుతుంది, అదీ నేరుగా మారదు. ఆ బలాన్ని వేగపు వర్గంతో పోల్చి చెప్పే నిరోధ గుణకం ధ్వని వేగానికి దగ్గర పడగానే ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ తరువాత మెల్లగా తగ్గుతుంది. ఈ మార్పు మొత్తాన్ని ప్రతి బుల్లెట్‌కూ విడివిడిగా కొలవడం పాతకాలంలో సాధ్యమయ్యే పని కాదు. అందుకే ఒక ప్రామాణిక ప్రక్షేపకాన్ని తీసుకుని, అన్ని వేగాల వద్దా దాని నిరోధాన్ని జాగ్రత్తగా కొలిచి, మిగతా వాటిని దానితో పోల్చే పద్ధతి వచ్చింది. బుల్లెట్ బరువును పౌండ్లలో తీసుకుని, అంగుళాల్లో ఉన్న వ్యాసపు వర్గంతో భాగిస్తే సెక్షనల్ డెన్సిటీ వస్తుంది. బుల్లెట్ నిరోధం ప్రామాణిక ప్రక్షేపకపు నిరోధానికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య ఫారమ్ ఫ్యాక్టర్. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే బాలిస్టిక్ కోఎఫిషియెంట్. ఒక పౌండు బరువు, ఒక అంగుళం వ్యాసం ఉన్న ప్రామాణిక ప్రక్షేపకానికి అది సరిగ్గా 1 అవుతుంది.

ఈ ఏర్పాటు వెనుక ఒక షరతు ఉంది. ఫారమ్ ఫ్యాక్టర్ అన్ని వేగాల వద్దా ఒకటిగానే ఉండాలి. అంటే బుల్లెట్ నిరోధపు వక్రరేఖ ప్రామాణిక వక్రరేఖ కంటే పైన ఉన్నా, కింద ఉన్నా ఫరవాలేదు గాని ఆకారంలో దానికి నకలుగా ఉండాలి. ఈ షరతు నెరవేరని చోటే ఇబ్బంది మొదలవుతుంది.

1860లలో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ బాష్‌ఫోర్త్ తన క్రోనోగ్రాఫ్‌తో ఫిరంగి గుండ్ల వేగనష్టాన్ని కొలవడం మొదలుపెట్టారు. తరువాత జర్మనీలో క్రుప్ సంస్థ విస్తృతంగా పరీక్షలు జరిపింది. ఫ్రాన్సులో నౌకాదళానికి చెందిన గావ్ర్ కమిషన్ కూడా ఇలాంటి కొలతలే సేకరించింది. జి1, జి7 పేర్లలోని ‘జి’ ఆ గావ్ర్‌ను గుర్తుచేసే అక్షరమే. క్రుప్ ఫలితాలను రష్యన్ సేనాని మయేవ్‌స్కీ గణిత సూత్రాలుగా మలిచారు. ఇటలీకి చెందిన సియాచి వాటితో చేతిలెక్కలోనే పథాన్ని అంచనా వేసే మార్గం చూపారు. అమెరికన్ సైనికాధికారి జేమ్స్ ఇంగాల్స్ ఇదంతా ఆంగ్ల కొలమానాల్లోకి తెచ్చి పట్టికలుగా ప్రచురించారు. జి1 పుట్టింది ఈ వారసత్వం నుంచే. ఈ నమూనా ప్రక్షేపకం వ్యాసానికి 3.28 రెట్ల పొడవుతో, రెండు క్యాలిబర్ల, అంటే తన వ్యాసానికి రెండు రెట్ల, వ్యాసార్ధపు వంపుతో మొద్దుబారిన ముక్కుతో, నేరుగా కోసినట్టుండే చదునైన అడుగుతో ఉంటుంది. ఆనాటి ఫిరంగి గుండు ఆకారం అదే, అందువల్ల ఎంపిక సహేతుకమే.

అయితే పట్టికలు ముద్రణ పొందిన కాలంలోనే బుల్లెట్ల రూపం మారిపోతోంది. పొగలేని తుపాకిమందు రావడంతో వేగాలు పెరిగాయి. ఫ్రాన్సు 1898లో సూదిముక్కుతో, వెనుక సన్నబడే తోకతో బాల్ డి అనే బుల్లెట్‌ను ప్రవేశపెట్టింది. పడవ వెనుక భాగాన్ని పోలి ఉండే ఆ తోకనే బోట్‌టెయిల్ అంటారు. అమెరికా 1906లో సూదిముక్కును స్వీకరించింది గాని అడుగును చదునుగానే ఉంచింది. ఈ 150 గ్రెయిన్ల బుల్లెట్ గరిష్ఠంగా 4,700 గజాలు పోతుందని అప్పటి అంచనా. మొదటి ప్రపంచ యుద్ధంలో మెషీన్‌గన్‌లను దూరపు లక్ష్యాలపై వాడవలసి వచ్చినప్పుడు ఆ అంచనా నిలవలేదు. తరువాతి పరీక్షల్లో అది 3,400 గజాల దగ్గరే తేలింది. వేగం ధ్వని స్థాయికీ, దాని కిందికీ పడిపోయాక నిరోధం ఎలా ఉంటుందో ముందు సరిగా తెలియకపోవడమే ఇంత పెద్ద తేడాకు మూలం. అనుభవం నేర్పిన పాఠంతో 1920ల మధ్యలో అమెరికా బోట్‌టెయిల్ ఉన్న బరువైన బుల్లెట్‌కు మారింది.

సన్నని ముక్కు, బోట్‌టెయిల్ ఉన్న రూపానికి సరిపోయే ప్రామాణిక వక్రరేఖ కావాలన్న అవసరం ఇలా తలెత్తింది. అమెరికాలోని అబర్డీన్ ప్రూవింగ్ గ్రౌండ్‌లో ఉన్న సైనిక బాలిస్టిక్స్ ప్రయోగశాల శతాబ్దం నడిమికల్లా వేర్వేరు ఆకారాలకు వేర్వేరు నిరోధ పట్టికలను వాడుకలోకి తెచ్చింది. జి2, జి5, జి6, జి8 కూడా ఆ వరుసలోవే గాని సాధారణ షూటర్లకు మిగిలింది జి7 ఒక్కటే. దాని నమూనా ప్రక్షేపకం పొడవు 4.23 క్యాలిబర్లు, ముక్కు వంపు వ్యాసార్ధం పది క్యాలిబర్లు, తోక 7.5 డిగ్రీల కోణంతో 0.6 క్యాలిబర్ల పొడవున సన్నబడుతుంది. ఈనాటి మ్యాచ్ బుల్లెట్ పక్కన ఈ బొమ్మను పెడితే రెండూ ఒకే కుటుంబానివని చూడగానే తెలుస్తుంది.

జి1, జి7 వక్రరేఖల ఎత్తులు వేరు, అది ఆశ్చర్యం కాదు. అసలు విషయం వాటి ఆకారాలు కూడా వేరు కావడం. చదునైన అడుగు వెనుక ఏర్పడే తక్కువ పీడనం, మొద్దు ముక్కు ముందు ఏర్పడే బలమైన ఆఘాత తరంగం కలిసి జి1 నిరోధాన్ని మాక్ 1, అంటే ధ్వని వేగం, దాటాక కూడా పెంచుకుంటూ పోతాయి. అది మాక్ 1.4 ప్రాంతంలో శిఖరానికి చేరి, అక్కడి నుంచి నిదానంగా దిగుతుంది. జి7 వక్రరేఖ మాక్ 1ను సమీపిస్తుండగానే నిట్టనిలువుగా లేచి, మాక్ 1.05 దగ్గరే శిఖరాన్ని తాకి, వెంటనే దిగడం మొదలుపెడుతుంది. నిరోధ గుణకాలను చూస్తే మాక్ 2 వద్ద జి1కు 0.593, జి7కు 0.298. జి1ది దాదాపు రెండు రెట్లు. మాక్ 1.2 వద్ద అవి 0.639, 0.388. అక్కడ నిష్పత్తి 1.65 మాత్రమే. నిష్పత్తి వేగంతో పాటు మారుతున్నప్పుడు, సేరును కిలోగా మార్చినట్టు ఒకే గుణకంతో ఒక కోఎఫిషియెంట్‌ను మరొకదానిగా మార్చడం కుదరదు.

పైన చెప్పిన 175 గ్రెయిన్ల బుల్లెట్‌తోనే దీన్ని లెక్క వేసి చూద్దాం. దాని జి7 కోఎఫిషియెంట్ 0.243 అన్ని వేగాల్లోనూ నిలకడగా ఉందనుకుంటే, అదే నిరోధాన్ని జి1 భాషలో చెప్పడానికి కావలసిన అంకె మాక్ 3 వద్ద 0.515 అవుతుంది. మాక్ 2.5, మాక్ 2 వద్ద 0.485 దరిదాపుల్లో, మాక్ 1.5 వద్ద 0.464, మాక్ 1.2 వద్ద 0.400 మాత్రమే వస్తుంది. బుల్లెట్ మారలేదు, గాలి మారలేదు, అయినా వేగం తగ్గేకొద్దీ జి1 అంకె జారిపోతూనే ఉంది. సియెరా సంస్థ ఈ బుల్లెట్‌కు సెకనుకు 2,800 అడుగులు దాటితే 0.505, 1,800 నుంచి 2,800 మధ్య 0.496, అంతకు తక్కువకు 0.485 అని మూడు విలువలు ఇవ్వడం ఈ జారుడును సర్దే ప్రయత్నమే. నిజాయితీగల ప్రయత్నమే గాని, చాలామంది మొదటి అంకెను మాత్రమే చూసి మిగతావి వదిలేస్తారు.

అలా వదిలేస్తే ఏమవుతుంది? సముద్రమట్టపు ప్రామాణిక వాతావరణంలో, సెకనుకు 2,600 అడుగుల వేగంతో బయలుదేరిన బుల్లెట్‌కు జి1 0.505ను మొదటినుంచి చివరిదాకా వాడి ఒకసారి, జి7 0.243తో ఒకసారి లెక్క వేస్తే, 400 గజాల వద్ద రెండు సమాధానాల మధ్య తేడా పట్టించుకోదగినంత ఉండదు. 1,000 గజాల వద్ద మాత్రం మొదటి లెక్క బుల్లెట్ ఇంకా మాక్ 1.08 దగ్గర ఉందంటుంది, రెండోది అప్పటికే ధ్వని వేగపు అంచున ఉందంటుంది. కిందికి పడే దూరంలో తేడా సుమారు అడుగున్నర. అంటే లక్ష్యపు నడుమకు గురిపెట్టిన బుల్లెట్ దాని కిందుగా పోవచ్చు.

తేడా దూరంలోనే బయటపడుతుంది గనుకే జి1 ఇన్నాళ్లూ బతికింది. వేటగాళ్లు సాధారణంగా కాల్చే రెండు మూడు వందల గజాల్లో ఏ నమూనా వాడినా ఒకటే. పైగా ఇంగాల్స్ పట్టికల కాలం నుంచి వాణిజ్య కంపెనీలన్నీ ఒకే కొలబద్దకు అలవాటుపడ్డాయి, వాటి బుల్లెట్లను పోల్చుకోవడానికి అందరికీ అదే ఆధారం. 0.243 కంటే 0.505 పెట్టె మీద గొప్పగా కనిపిస్తుందన్న సంగతి కూడా కొంత పనిచేసి ఉంటుందని నా అభిప్రాయం. చేతిలెక్కల స్థానంలో కంప్యూటర్లు వచ్చి, వెయ్యి గజాలకు మించిన షూటింగ్ సాధారణ పౌరులకూ అందుబాటులోకి వచ్చాక పరిస్థితి మారింది. 2009 ప్రాంతంలో బాలిస్టిక్స్ నిపుణుడు బ్రయాన్ లిట్జ్ కొలతల ఆధారంగా బెర్గర్ కంపెనీ జి7 విలువలు కూడా ప్రకటించడం మొదలుపెట్టాక, తక్కిన తయారీదారులు ఒక్కొక్కరుగా అదే బాట పట్టారు.

రెండు అంకెలూ చలామణిలో ఉండటంతో కొత్త పొరపాటుకు దారి ఏర్పడింది. బుల్లెట్ పథాన్ని లెక్కించే యాప్‌లో నమూనాగా జి7 ఎంచుకుని, అంకె మాత్రం 0.505 కొడితే నిరోధం దాదాపు సగానికి పడిపోతుంది, 1,500 గజాల వద్ద కూడా బుల్లెట్ ధ్వని కంటే వేగంగా పోతోందని ఫలితం వస్తుంది. తిరగేసి జి1 కింద 0.243 కొడితే బుల్లెట్ రాయిలా పడిపోతుంది. దీన్ని ముందే పట్టుకోవడానికి సెక్షనల్ డెన్సిటీ చక్కగా పనికొస్తుంది. పౌండుకు 7,000 గ్రెయిన్లు గనుక 175 గ్రెయిన్లను 7,000తో భాగిస్తే 0.025 పౌండ్లు, దాన్ని 0.308 వర్గంతో భాగిస్తే 0.264. పొడవాటి సన్నని బుల్లెట్లకు జి7 ఫారమ్ ఫ్యాక్టర్ 1కి అటూ ఇటూ ఉంటుంది గనుక, జి7 కోఎఫిషియెంట్ సెక్షనల్ డెన్సిటీకి దగ్గరగా ఉండాలి. ఇక్కడ 0.243 అలాగే ఉంది. అంకె సెక్షనల్ డెన్సిటీకి ఇంచుమించు రెండింతలుంటే అది జి1 విలువ.

పొడవాటి ముక్కు, బోట్‌టెయిల్ ఉన్న బుల్లెట్‌కు జి7 తగినదే, కాని అన్నిటికీ అదే తగదు. గుండ్రని ముక్కు బుల్లెట్లకు, పిస్తోలు గుళ్లకు, .22 రిమ్‌ఫైర్‌కు జి1 ఇప్పటికీ దగ్గరి పోలిక. సన్నని బుల్లెట్‌కైనా జి7 ఒక సగటు ఆకారమే. మాక్ 1.2 నుంచి మాక్ 0.9 దాకా ఉండే పరిధిలో బుల్లెట్ ఊగిసలాడితే నిరోధం ఏ పట్టికకూ లొంగదు. అందుకే లాపువా, హార్నడీ వంటి సంస్థలు డాప్లర్ రాడార్‌తో ఒక్కో బుల్లెట్ వేగనష్టాన్ని నేరుగా కొలిచి దాని సొంత వక్రరేఖను ఇస్తున్నాయి. అలాంటి వక్రరేఖ దొరికిన బుల్లెట్‌కు జి1, జి7 అనే ఎంపికే అవసరం లేదు, దొరకని సన్నని బుల్లెట్‌కు జి7 వాడాలి.