బొబ్బ మీది పొర

మే నెల మధ్యాహ్నం. అక్కయ్యపాలెంలో మా వదిన గారెలు వేస్తుంటే మూకుడులోని నూనె చిట్లి మణికట్టు దగ్గర పడింది. పరుగున వెళ్లి కుళాయి తిప్పింది. డాబా మీది ట్యాంకు నీళ్లు కదా, ఎండకు కాగి సుర్రుమన్నాయి. విశాఖ వేసవిలో ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి. నీళ్లు చల్లబడేదాకా కాలిన చోట పెట్టకండి. వదిన వంటింట్లో పట్టి ఉంచిన బకెట్ నీళ్లు తీసుకుని మగ్గుతో మెల్లగా పోసుకుంది, గడియారం చూసుకుంటూ 20 నిమిషాలు. వాపు వస్తే గాజులు ఊడిరావు కాబట్టి వాటిని ముందే తీసేసింది.

20 నిమిషాలు ఎందుకంటే, నూనె తుడిచేసినా చర్మం లోపల వేడి ఉండిపోయి కింది పొరలను ఇంకా కాలుస్తూనే ఉంటుంది. ఆ వేడి బయటికి లాగాలి. కాలిన 3 గంటల లోపు మొదలుపెట్టినా ఉపయోగమే. ఐసు మాత్రం వద్దు, అది రక్తనాళాలను బిగించి గాయాన్ని పెంచుతుంది. టూత్‌పేస్టు, పసుపు కూడా వద్దు. తర్వాత డాక్టరు వాటిని గీకి తీయాల్సి వస్తుంది, ఆ నొప్పి చూడలేం.

సాయంత్రానికి రెండు బొబ్బలు లేచాయి. ఒకటి కందిగింజంత, రెండోది రూపాయి బిళ్లంత. పక్కింటి పిన్నిగారు ప్రేమగానే అన్నారు, "సూదితో గుచ్చెయ్యమ్మా, నీరు పోతే తగ్గిపోద్ది" అని. నేను వద్దన్నాను.

కాలినప్పుడు చర్మం పైపొర కింది పొర నుంచి విడిపోతుంది. సన్నని రక్తనాళాల నుంచి ఊరిన నీరు ఆ సందులో నిండుతుంది. అదే బొబ్బ. ఆ నీరు చీము కాదు. పైనున్న పలుచని పొర, కింద పచ్చిగా ఉన్న చర్మానికి క్రిములు తగలకుండా, ఎండిపోకుండా కాపాడుతుంది. ఏ కట్టూ అంత బాగా అతుక్కోదు. ఇంట్లో సూదితో గుచ్చితే క్రిములకు మనమే దారి ఇచ్చినట్టు.

మరి ఎప్పుడూ తీయకూడదా? తీయాల్సిన బొబ్బలూ ఉన్నాయి. పెద్దగా, బిగుసుకుని, కీలు దగ్గర కదలికకు అడ్డొచ్చేవి ఎలాగూ చిట్లుతాయి. వాటిని క్రిమిరహిత పరికరాలతో డాక్టరే తీయాలి. వదిన పెద్ద బొబ్బ సరిగ్గా మణికట్టు మడతలో ఉంది. మర్నాడు డాక్టరు దాని నీరు తీసి, పారాఫిన్ పూసిన గాజ్ గుడ్డ వేసి, పైన పొడి గాజ్ గుడ్డతో వదులుగా కట్టు కట్టారు. టెటనస్ టీకా ఎప్పుడు వేయించుకుందో కూడా అడిగారు. దూది నేరుగా పెట్టకూడదు, పోగులు గాయానికి అంటుకుంటాయి. బొబ్బ తనంతట తానే పగిలితే సబ్బునీళ్లతో మెల్లగా కడిగి, పొర పీకకుండా ఇలాంటి కట్టే కట్టాలి.

మన ఊరి ఉక్కపోతలో కట్టు చెమటకు తడిస్తే మార్చాలి. మార్చేటప్పుడు గాయం చుట్టూ ఎరుపు పాకుతోందా, చీము, వాసన ఉన్నాయా చూడాలి. అవి కనిపించినా, జ్వరం వచ్చినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కాలిన చోటు తెల్లగా మారి నొప్పి తెలియకపోతే గాయం లోతుగా ఉన్నట్టు. అలాంటిదైనా, ముఖం మీదదైనా, బాధితుడి అరచేయంత పెద్దదైనా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

పన్నెండో రోజుకి కందిగింజంత బొబ్బ అణిగి, ఎండిన పొర ఉల్లిపొరలా దానంతట అదే రాలింది. కింద లేత గులాబీ రంగు చర్మం. ఎండలోకి వెళ్తే వదిన ఇప్పటికీ దాని మీద చీర కొంగు కప్పుకుంటుంది.