పార్ట్ పేమెంట్ కట్టాక తగ్గింది గడువా, ఈఎంఐనా?

లోన్ డెస్కులో పనిచేసే నా దగ్గరికి ఒకాయన స్టేట్‌మెంట్ పట్టుకొని వచ్చారు. బాకీ 20 లక్షలు, వడ్డీ 9 శాతం, ఇంకా 180 నెలలు, ఈఎంఐ 20,285. మూడు లక్షలు పార్ట్ పేమెంట్ కట్టారు. ఈఎంఐ మారలేదు కాబట్టి గడువు తగ్గిందనే ధీమాతో ఉన్నారు. అప్పటికి ఆ లెక్కలో ఏదీ తగ్గలేదు.

అపోహ: ఈఎంఐ మారలేదంటే గడువు తగ్గినట్టే.

వాస్తవం: కట్టిన డబ్బు అసలుకు జమ కాకుండా ముందస్తు వాయిదాగా పక్కన కూర్చున్నా ఈఎంఐ మారదు. లోన్ ఖాతాకు మామూలుగా డబ్బు పంపి, అది పార్ట్ పేమెంట్ అని విడిగా చెప్పకపోతే ఇలా జరిగే అవకాశం ఉంది. ఆయన విషయంలో జరిగింది ఇదే. స్టేట్‌మెంట్‌లో మూడు లక్షలు జమ అయినట్టు కనిపిస్తూనే ఉంది. కానీ మిగిలిన అసలు అనే గడిలో అంకె కిందికి దిగలేదు.

అనుమానం తీర్చేది వడ్డీ పద్దు. మిగిలిన అసలును వడ్డీ రేటుతో గుణించి 12తో భాగించండి. 20 లక్షల మీద నెల వడ్డీ 15,000. 17 లక్షల మీద 12,750. డబ్బు కట్టాక కూడా వడ్డీ 15,000 దగ్గరే నిలబడితే అది అసలును తాకలేదన్నమాట.

ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. నెల మధ్యలో కడితే, రోజువారీ బాకీ మీద వడ్డీ లెక్కగట్టే లోన్‌లో ఆ నెల వడ్డీ ఈ రెండు అంకెల మధ్యలో ఎక్కడో వస్తుంది. దాన్ని చూసి టెన్షన్ పడొద్దు. తర్వాతి నెల పద్దు చూడండి. అది 12,700 దరిదాపుల్లో ఉండాలి.

అపోహ: వడ్డీ తగ్గింది కదా, గడువు తగ్గినా ఈఎంఐ తగ్గినా ఒకటే.

వాస్తవం: మొదటి నెల వడ్డీ రెండింటిలోనూ ఒకటే, 12,750. అందుకే చాలామంది ఇక్కడ బోల్తా పడతారు. తేడా అసలుకు పోయే భాగంలో ఉంటుంది. పాత ఈఎంఐనే కొనసాగిస్తే 7,535 అసలుకు పోతుంది, లోన్ సుమారు 133 నెలల్లో తీరిపోతుంది. అంటే 47 నెలలు తగ్గినట్టు. గడువు 180 నెలలే ఉంచితే ఈఎంఐ 17,243 అవుతుంది, అందులో అసలుకు పోయేది 4,493 మాత్రమే. వడ్డీ రేటు మారదనుకుంటే, చివరిదాకా ఆదా అయ్యే వడ్డీ మొదటి దారిలో దాదాపు 6.6 లక్షలు, రెండో దారిలో దాదాపు 2.5 లక్షలు.

అలాగని ఈఎంఐ తగ్గించుకోవడం తప్పేమీ కాదు. నెల ఖర్చులకు ఊపిరాడనివాళ్లకు నేనే ఆ దారి చెబుతాను. కాకపోతే మీరు అడిగింది ఒకటి, ఖాతాలో పడింది ఇంకొకటి కాకూడదు.

అపోహ: బ్యాంకు ఖాతాలోంచి ఎంత పోయిందో చూస్తే చాలు.

వాస్తవం: ఆటో డెబిట్ ఆదేశం ముందే వెళ్లిపోయి ఉంటే, ఈఎంఐ తగ్గినా మొదటి నెల పాత మొత్తమే పోవచ్చు. కాబట్టి కొత్త రీపేమెంట్ షెడ్యూల్ అడిగి తీసుకోండి. పాతదాన్ని పక్కన పెట్టుకొని రెండే రెండు చూడండి: ఈఎంఐ ఎంత, చివరి వాయిదా ఏ నెలలో. చివరి నెల పాతదానికంటే ముందే వస్తే గడువు తగ్గింది. ఆ నెల అలాగే ఉండి అంకె చిన్నదైతే ఈఎంఐ తగ్గింది. రెండూ కదలకపోతే మిగిలిన అసలు అనే గడి దగ్గరికి వెనక్కి వెళ్లండి.

షెడ్యూల్‌లో వచ్చిన గడువు సరైనదో కాదో స్ప్రెడ్‌షీట్‌లో మీరే సరిచూసుకోవచ్చు:

```
=NPER(9%/12,-20285,1700000)
```

జవాబు సుమారు 132.5 వస్తుంది. అంటే 132 పూర్తి వాయిదాలు, చివర్లో ఒక చిన్న వాయిదా. షెడ్యూల్‌లో ఒక నెల అటూఇటూ ఉంటే పట్టించుకోనక్కర్లేదు. పదీ పదిహేను నెలల తేడా వస్తే మాత్రం అదే సమయంలో వడ్డీ రేటు మారిందేమో చూడండి. ఫ్లోటింగ్ రేటు లోన్లలో రేటు పెరిగినప్పుడు ఈఎంఐని అలాగే ఉంచి గడువు పొడిగించడం మామూలే. మీరు తగ్గించుకున్న నెలల్లో కొన్నింటిని అది తినేస్తుంది. సూత్రంలో కొత్త రేటు వేసి చూస్తే ఏది ఎంతో తేలిపోతుంది.

ఆయన సంగతికొస్తే, మూడు లక్షలను అసలుకు జమ చేసి గడువు తగ్గించమని ఉత్తరం రాయించాం. డబ్బు అందిన తేదీ నుంచే సర్దుబాటు చేయాలని కూడా అందులో రాయించాను. లేకపోతే ఉత్తరం ఇచ్చిన రోజు నుంచే లెక్కగట్టి, మధ్య రోజుల వడ్డీ పాత బాకీ మీదే వేసే అవకాశం ఉంది.